ఒక్క ఏడాదికని రాసిన వాక్యం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో ఏడాది పొడవునా పారే నది లేదు. చెరువు నిండితే పంట, లేకపోతే వెయ్యి అడుగుల బోరు, అదీ ఎండితే బెంగళూరు బస్సు. ఈ బతుకు మార్చడానికి శ్రీశైలం జలాశయం వెనుక నీటిని మల్యాల దగ్గర ఎత్తిపోసి, కర్నూలు, అనంతపురం భూముల మీదుగా ఇక్కడిదాకా తెచ్చే హంద్రీ–నీవా కాలువ తవ్వారు. పుంగనూరు బ్రాంచి కాలువ నుంచి కుప్పం బ్రాంచి కాలువకు మళ్లి, ఏడు వందల కిలోమీటర్లకు పైబడి నడిచిన కృష్ణా నీటికి 2025 ఆగస్టు 30న కుప్పం పరమసముద్రం చెరువు దగ్గర ముఖ్యమంత్రి జలహారతి ఇచ్చారు.

ఆ నీరు ఇక్కడికి రావడానికి కాలువ, మోటార్లు, కరెంటు ఎంత అవసరమో, ఢిల్లీలో జరిగిన ఒక సమావేశం మినిట్స్ కూడా అంతే అవసరం. శ్రీశైలంలో ఆంధ్రప్రదేశ్ వాటా ఎంత, అందులో హంద్రీ–నీవా ఎంత తోడుకోవచ్చు అన్నది పదేళ్లుగా ఆ కాగితం మీద ఆధారపడి నడుస్తోంది. ఆ కాగితంలోని ఒక వాక్యం ఒక్క ఏడాదికని రాసింది. దాని మీద రెండు రాష్ట్రాలు పదేళ్లు కాపురం చేశాయి. ఇప్పుడు ట్రిబ్యునల్ ముందు నిలబడి, ఆ వాక్యానికి అర్థం ఏమిటని కొట్లాడుకుంటున్నాయి. మా అభియోగం ఆ మినిట్స్ రాసిన వాళ్ల మీద, రాస్తుంటే ఊరుకున్న వాళ్ల మీద.

జరిగింది ఇది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు బచావత్ ట్రిబ్యునల్ కృష్ణా నికర జలాల్లో 811 టీఎంసీలు ఇచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఆ 811ని ఇద్దరి మధ్య ఎలా పంచాలో పునర్విభజన చట్టం అంకెల్లో చెప్పలేదు. ప్రాజెక్టుల వారీ కేటాయింపుల పని బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్‌కు అప్పగించింది, రోజువారీ అజమాయిషీకి కృష్ణా నదీ యాజమాన్య బోర్డును పెట్టింది. ట్రిబ్యునల్ తేల్చేదాకా గేట్లు ఎత్తకుండా ఉండలేరు కదా. 2015 జూన్ 18, 19 తేదీల్లో కేంద్ర జలవనరుల శాఖ రెండు రాష్ట్రాల అధికారులను ఢిల్లీలో కూర్చోబెట్టింది. 2015–16 నీటి సంవత్సరానికి ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 టీఎంసీల చొప్పున వాడుకునే తాత్కాలిక ఏర్పాటుకు ఇద్దరూ ఒప్పుకున్నట్టు మినిట్స్‌లో నమోదైంది.

మరుసటి ఏడాది అదే ఏర్పాటు కొనసాగింది. ఆ తర్వాత చిన్ననీటి వనరుల కింద వాడకాన్ని పక్కన పెట్టి లెక్క కట్టి 66:34 నిష్పత్తి అన్నారు. అదీ ఏటేటా బోర్డు సమావేశాల్లో పొడిగింపు పొందుతూ వచ్చింది. ఒక ఏడాది ఏర్పాటును ఇలా పొడిగిస్తూ పోతే, కొన్నాళ్లకు దాన్ని ఇద్దరూ తమకు కావలసిన పేరుతో పిలుస్తారు. ఇప్పుడు జరిగింది అదే. ఇది ఇద్దరూ ఒప్పుకుని, ఏళ్ల తరబడి అమలు చేసిన పంపకమని ఆంధ్రప్రదేశ్ అంటుంది. అది ఆ ఒక్క ఏడాదికి చేసుకున్న తాత్కాలిక సర్దుబాటు, ట్రిబ్యునల్ ముందు తమ వాదనకు అడ్డు కాదని తెలంగాణ అంటుంది. సగం సగం కావాలని, అంటే చెరి 405.5 టీఎంసీలని తెలంగాణ పట్టుబట్టింది. 2023 మేలో జరిగిన బోర్డు పదిహేడో సమావేశంలో పాత నిష్పత్తికి ఒప్పుకోలేదు. విషయం కేంద్రానికి వెళ్లింది. అదే ఏడాది అక్టోబరులో కేంద్రం బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్‌కు కొత్త విచారణాంశాలు ఇచ్చింది.

తెలంగాణ రాజకీయాల్లోనూ ఈ కాగితమే సాక్ష్యం. 299కి ఎవరు తలూపారు, ఎందుకు తలూపారు అని కాంగ్రెస్, బీఆర్‌ఎస్ ఇప్పటికీ ఒకరినొకరు నిలదీసుకుంటున్నాయి. 2015లో ఆ గదిలో కూర్చున్న అధికారుల్లో ఎవరూ తమ మాట పదేళ్ల తర్వాత శాసనసభలో, ట్రిబ్యునల్‌లో వినపడుతుందని అనుకుని ఉండరు. అనుకుని ఉంటే ఆ వాక్యం అంత పొట్టిగా ఉండేది కాదు.

చట్టం మినిట్స్‌ను ఎలా చూస్తుందో తెలిస్తే ఈ నిర్లక్ష్యం బరువు అర్థమవుతుంది. ప్రభుత్వ ఉద్యోగి తన విధిలో భాగంగా అధికారిక పుస్తకంలో, రికార్డులో నమోదు చేసిన విషయం సాక్ష్యంగా పనికొస్తుంది. పాత సాక్ష్య చట్టంలో ఇది 35వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 29వది. అధికారిక పనులు పద్ధతి ప్రకారమే జరిగి ఉంటాయని న్యాయస్థానం మొదట అనుకోవచ్చు. కాదనేవాడే కాదని చూపాలి. కంపెనీల విషయంలో 2013 కంపెనీల చట్టం 118వ సెక్షన్ ఇంకా సూటిగా ఉంది. సమావేశం ముగిసిన 30 రోజుల్లో మినిట్స్ పుస్తకంలో ఎక్కాలి, అలా ఎక్కినవి ఆ సమావేశంలో జరిగినదానికి సాక్ష్యం, వాటిని దిద్దితే రెండేళ్ల దాకా జైలు.

అయితే మినిట్స్ అన్నీ ఒకే బరువు కావు. ఒక ప్రభుత్వం తన ఫైలులో తాను రాసుకున్న నోటుకు బయటివాళ్ల మీద బలం లేదు. బచ్చిత్తర్ సింగ్ కేసులో 1962లోనే సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. మంత్రి ఫైలు మీద రాసినది, ఉత్తర్వుగా వెలువడి సంబంధిత వ్యక్తికి చేరేదాకా ప్రభుత్వ నిర్ణయం కాదని, అప్పటిదాకా మనసు మార్చుకోవచ్చని. ఇద్దరు కక్షిదారులు కూర్చుని మాట్లాడుకున్నాక మూడో మనిషి రాసి, ఇద్దరికీ పంపిన మినిట్స్ వేరు. అందులో “ఒప్పుకున్నారు” అని ఉంటే అది ఎదుటివాడి చేతిలో ఒప్పుకోలు. ఒప్పుకోలు దానంతట అదే తుది రుజువు కాదు. పొరపాటున రాశారనో, అధికారం లేనివాడు అన్నాడనో, సందర్భం వేరనో చూపించి తిప్పికొట్టవచ్చు. కానీ తిప్పికొట్టే భారం ఒప్పుకున్నవాడి నెత్తిన పడుతుంది. పంపిన మినిట్స్ చదివి, గడువులో అభ్యంతరం రాయకుండా, పైగా వాటి ప్రకారమే నీళ్లు వాడుకున్నవాడికి ఆ భారం మరీ ఎక్కువ. మౌనం కూడా ప్రవర్తన కిందే లెక్కకు వస్తుంది.

దీనికి విరుగుడు కూడా చట్టంలోనే ఉంది. సివిల్ వివాదంలో రాజీ కోసం చేసిన ఒప్పుకోలును, “దీన్ని సాక్ష్యంగా వాడకూడదు” అన్న స్పష్టమైన షరతు మీద చేసి ఉంటే, లేదా పరిస్థితులను బట్టి ఇద్దరి మధ్యా అలాంటి అవగాహన ఉందని కోర్టుకు తోస్తే, ఆ ఒప్పుకోలు పనికిరాదు. పాత చట్టంలో 23వ సెక్షన్, కొత్తదాంట్లో 21. ట్రిబ్యునల్ సాక్ష్య చట్టానికి అక్షరాలా కట్టుబడి ఉండనవసరం లేకపోయినా, ఈ నీతిని పక్కన పెట్టదు. అంటే తాత్కాలికంగా ఒక అంకెకు తలూపే అధికారి చేయాల్సిన పని ఒక్కటే. ఆ తలూపడం దేనికి, ఎన్నాళ్లకు, దేనికి కాదు అన్నది అదే పేరాలో, అదే వాక్యం పక్కన రాయించాలి. గదిలో నోటితో చెప్పి వచ్చానంటే చెల్లదు. మినిట్స్ చివర్లో ఎక్కడో ఒక సాధారణ వాక్యంగా ఉన్నా చాలదు. పొడిగించిన ప్రతి ఏడాదీ ఆ షరతును మళ్లీ రాయించాలి. మొదటి ఏడాది రాసి, మూడో ఏడాది “గత ఏర్పాటు కొనసాగుతుంది” అని మాత్రమే రాస్తే, షరతు కూడా కొనసాగిందా లేదా అన్నదే కొత్త తగాదా అవుతుంది.

ఈ మాట మా ఊళ్లలో రైతుకు తెలిసినంతగా ఢిల్లీ వెళ్లే అధికారికి తెలియకపోవడం విచారకరం. భూసేకరణకు సంబంధించి 2013 చట్టం 77వ సెక్షన్‌లో ఒక షరతు ఉంది. అభ్యంతరం చెప్పకుండా పరిహారం తీసుకున్నవాడు, తర్వాత ఎక్కువ పరిహారం కోసం అథారిటీ ముందుకు వెళ్లే హక్కు కోల్పోతాడు. కాలువకు భూమి ఇచ్చేటప్పుడు తెలివైన రైతు రసీదు మీద సంతకం పెట్టేముందు “అభ్యంతరంతో తీసుకుంటున్నాను” అని తన చేత్తో రాస్తాడు. రాయనివాడు తర్వాత వకీలు దగ్గర కూర్చుని ఏడుస్తాడు. గ్రామసభల్లోనూ ఇంతే. హాజరు పట్టికలో పెట్టిన సంతకం, పైన తర్వాత రాసిన తీర్మానానికి ఒప్పుకోలుగా మారిపోతుంది. తీర్మానం చదివి వినిపించి, ఎవరు ఒప్పుకున్నారో ఎవరు కాదన్నారో రాసి, ఆ కింద సంతకాలు తీసుకున్నప్పుడే అది రికార్డు. ఖాళీ పేజీ కింద సంతకాలు తీసుకుని పైన రాసుకునేది రికార్డు కాదు, మోసానికి తలుపు తీయడం.

రెండు రాష్ట్రాల మధ్య ఇలాంటి తగాదా మన కళ్ల ముందే ఇంకొకటి జరిగింది. 2023 నవంబరు చివర్లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు నాగార్జునసాగర్ డ్యామ్‌లో తమ వైపు సగాన్ని స్వాధీనం చేసుకోవడంతో గొడవ రేగింది. కేంద్రం జోక్యం చేసుకుంది. 2024 జనవరి 17న జలశక్తి శాఖ కార్యదర్శి అధ్యక్షతన ఢిల్లీలో సమావేశం జరిగింది. శ్రీశైలం, సాగర్‌లలోని ఉమ్మడి అవుట్‌లెట్లను బోర్డు నిర్వహణకు అప్పగించేందుకు రెండు రాష్ట్రాలూ ఒప్పుకున్నట్టు మినిట్స్ వచ్చాయి. తాము ఒప్పుకోలేదని తెలంగాణ ప్రభుత్వం తర్వాత కేంద్రానికి లేఖ రాసింది. ఫిబ్రవరి 1న హైదరాబాద్‌లో బోర్డు సమావేశం జరిగాక గందరగోళం ఇంకా పెరిగింది. ఫిబ్రవరి 12న తెలంగాణ శాసనసభ ప్రాజెక్టులను బోర్డుకు అప్పగించేది లేదని తీర్మానం చేసింది. ఆ రోజు సభలో ప్రతిపక్షం చేతిలో మినిట్స్, అధికార పక్షం చేతిలో అభ్యంతరం చెబుతూ రాసిన లేఖ. ఒకే గదిలో జరిగిన మాటలకు రెండు కాగితాలు.

ఈ గొడవలో తెలంగాణ చేసిన ఒక పని సరైనది. మినిట్స్ తప్పనిపించగానే లేఖ రాసింది. ఆ లేఖ లేకపోతే ఈ పాటికి ఆ ఒప్పుకోలు గట్టిపడిపోయేది. కానీ ఆ లేఖ అవసరం రాకుండా చేయాల్సింది జనవరి 17 సాయంత్రమే. ఇలాంటి సమావేశాల్లో మినిట్స్ ఎలా తయారవుతాయో చూడండి. మధ్యాహ్నం దాకా మాట్లాడుకుంటారు. కార్యదర్శి చివర్లో “అయితే ఇలా ముందుకు పోదాం” అంటారు. ఎవరూ గట్టిగా కాదనరు. కొన్ని రోజుల తర్వాత శాఖలోని ఒక అధికారి నోట్సు చూసుకుని ముసాయిదా రాస్తారు. అప్పటికి “ముందుకు పోదాం” కాస్తా “ఏకాభిప్రాయం కుదిరింది” అయిపోతుంది. మా ప్రభుత్వాన్ని అడిగి చెబుతామన్న మాట “రాష్ట్రం సూత్రప్రాయంగా అంగీకరించింది” అవుతుంది. ఇందులో దురుద్దేశం ఉండనవసరం లేదు. సమావేశం ఫలించిందని చూపాలన్న తొందర చాలు.

అలా రాసిన వాక్యంలో కర్త ఉండడు. “నిర్ణయించడమైనది” అంటారు. ఎవరు నిర్ణయించారు? కేంద్రమా, బోర్డా, ఇద్దరూ కలిసా? అదే విషయాన్ని ఇలా రాస్తే తగాదాకు చోటుండదు: “శ్రీశైలం కుడి గట్టు అవుట్‌లెట్లను బోర్డుకు అప్పగించాలని కార్యదర్శి ప్రతిపాదించారు. ఆంధ్రప్రదేశ్ తరఫున ముఖ్య ఇంజనీరు అంగీకరించారు. తెలంగాణ తరఫున ముఖ్య ఇంజనీరు, ఇది తన ప్రభుత్వ నిర్ణయానికి లోబడి ఉంటుందని, ఈ రోజు అంగీకారం తెలపడం లేదని చెప్పారు.” ఇది మేము ఉదాహరణకు రాసిన వాక్యం. ఇందులో ఎవరు ప్రతిపాదించారు, ఎవరు ఏ అధికారంతో ఒప్పుకున్నారు, ఎవరు ఒప్పుకోలేదు అన్నవి విడివిడిగా ఉన్నాయి. రాయడానికి ఎక్కువ సమయం పట్టదు, నిజాయతీ ఉంటే చాలు.

2025 జులై 16న ఇద్దరు ముఖ్యమంత్రులూ కేంద్ర జలశక్తి మంత్రి సమక్షంలో ఢిల్లీలో కూర్చున్నారు. బయటికొచ్చాక బనకచర్ల గురించి మాట్లాడామని ఒకవైపు నుంచి, ఆ ప్రస్తావనే రాలేదని మరోవైపు నుంచి మాటలు వచ్చాయి. పదేళ్ల అనుభవం ఏమీ నేర్పలేదు.

పేర్ల విషయంలో అజాగ్రత్త కూడా ఎంత ఖర్చు పెట్టిస్తుందో ప్రకాశం జిల్లాను అడగండి. పునర్విభజన చట్టం 11వ షెడ్యూలులో హంద్రీ–నీవా, తెలుగుగంగ, గాలేరు–నగరిల పక్కన వెలిగొండ పేరు తప్పుగా అచ్చయింది. అది మినిట్స్ కాదు, పార్లమెంటు చట్టం. అయినా 2021 జులైలో బోర్డుల పరిధి గెజిట్ వచ్చినప్పుడు వెలిగొండను అనుమతి ఉన్న ప్రాజెక్టుల్లో చేర్చలేదు. సరిదిద్దమని ఆ జిల్లా ప్రజాప్రతినిధులు ఢిల్లీ దాకా వెళ్లాల్సి వచ్చింది. హంద్రీ–నీవా పేరుకు అలాంటి చిక్కు రాలేదు. మాకు ఆ అదృష్టం దక్కింది. కానీ షెడ్యూలులో పేరుంటే నీళ్లు ఉన్నట్టు కాదు.

హంద్రీ–నీవా 40 టీఎంసీల ప్రాజెక్టు. వరద రోజుల్లో మిగులు నీటిని పట్టుకోవాలని కట్టినది. బచావత్ అవార్డులో దానికి నికర జలాల కేటాయింపు లేదు. శ్రీశైలం నిండి గేట్లెత్తి నీళ్లు కిందికి పోతున్న రోజుల్లో తోడుకున్న నీటిని వాటాలో లెక్కించకూడదని ఆంధ్రప్రదేశ్ చాలాకాలంగా వాదిస్తోంది. తెలంగాణ ఒప్పుకోవడం లేదు. కృష్ణా బేసిన్ బయటికి మళ్లింపులనే అది ప్రశ్నిస్తోంది. ఇక్కడ ఆంధ్రప్రదేశ్ అధికారుల మీద మా అభియోగం సూటిగా చెబుతాం. 66:34 మీద సుఖంగా కూర్చుని, ఆ నిష్పత్తి శాశ్వతమన్నట్టు ప్రవర్తించారు. వరద నీటి లెక్క మీద తమ వాదనను ప్రతి సమావేశంలోనూ నోటితో చెప్పడం కాదు, ప్రాజెక్టు పేరుతో, తేదీలతో, ఎన్ని టీఎంసీలు ఏ రోజుల్లో తోడారో లెక్కతో మినిట్స్‌లో ఎక్కించాల్సింది. శ్రీశైలం పొంగి పొర్లిన రోజు తోడిన నీటికీ, పొర్లని రోజు తోడిన నీటికీ తేడా కాగితం మీద లేకపోతే, రేపు ట్రిబ్యునల్ ముందు అదంతా ఒకే లెక్కలో పడుతుంది. అప్పుడు కోత పడేది చివరనున్న కాలువకే. చివరనున్నది కుప్పం.

తెలంగాణ మీద అభియోగం ఇంకోటి. 299 అన్యాయమని నమ్మినప్పుడు మొదటి పొడిగింపు నాడే ఆ మాట రాతపూర్వకంగా, షరతుతో, గట్టిగా పెట్టాల్సింది. నమ్మిన మాటను చెప్పడానికి అన్నేళ్లు తీసుకోవడం దాని వాదనను అదే బలహీనపరచుకోవడం. కేంద్రం మీద అన్నిటికంటే పెద్ద అభియోగం. మినిట్స్ దాని చేతిలో ఉన్నాయి. ఎవరు ఒప్పుకున్నారో ఎవరు లేదో విడిగా రాయించే అధికారం దానిదే. సమావేశాన్ని విజయంగా చూపాలన్న తాపత్రయంలో అస్పష్టతను రాసి, దాన్ని ఒప్పందమని పిలిచింది.

2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి భూముల ఫైళ్లు కాలిపోయినప్పుడు ఈ ప్రాంతం ఉలిక్కిపడింది. కాగితం పోతే భూమి పోతుందన్న భయం ప్రతి ఇంట్లోనూ ఉంది. కృష్ణా బోర్డు మినిట్స్ కాలిపోలేదు, భద్రంగానే ఉన్నాయి. వాటిని తెలుగులో ప్రజల ముందు పెట్టకపోవడంతో, తమ నీళ్ల గురించి ఏం రాశారో పుంగనూరు రైతుకు తెలియదు. బోర్డు ప్రతి సమావేశం మినిట్స్‌ను, వాటి మీద వచ్చిన అభ్యంతరాలను కలిపి తెలుగులో ప్రచురించాలి. ముసాయిదాను సమావేశం ముగిసే ముందే ఇద్దరికీ చదివి వినిపించి, విభేదించిన పక్షం తన మాటను తన మాటల్లోనే అందులో రాయించుకునే వీలు కల్పించాలి.

తదుపరి సమావేశానికి వెళ్లే ఆంధ్రప్రదేశ్ జలవనరుల శాఖ అధికారులకు మా విన్నపం: హంద్రీ–నీవా పేరు, ఈ ఏడాది శ్రీశైలం గేట్లెత్తిన తేదీలు, ఆ తేదీల్లో మల్యాలలో తోడిన నీటి లెక్క, అది వాటాలో చేరదన్న మీ వాదన, ఈ నాలుగూ మినిట్స్‌లో ఎక్కేదాకా గది వదిలి రావొద్దు.